ఒకే కొలబద్దతో నాలుగు మతాలు: మౌలికవాదం మీద నా వ్యాసం తయారైన తీరు

మతాల తులనాత్మక అధ్యయనం మీద వెలువడుతున్న ఒక సంకలనానికి విమర్శనాత్మక వ్యాసం రాయమని, నాకు పూర్వం పాఠం చెప్పిన మాస్టారు పోయిన విద్యాసంవత్సరంలో అడిగారు. మౌలికవాదం, అంటే ఇంగ్లీషులో ఫండమెంటలిజం అనే వర్గం అన్ని మతాలకూ సరిపోతుందా, లేక ఒక మతంలో పుట్టిన తగాదాను తక్కిన మతాల మీద రుద్దడానికి మాత్రమే పనికివస్తుందా అనేది ఆయన ఇచ్చిన అంశం. నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతాను కాబట్టి మత సిద్ధాంతాల కంటే ఉద్యమాల పుట్టుపూర్వోత్తరాలే నాకు ఎక్కువ పరిచయం. అందుకని మొదట విద్వాంసులు ఇచ్చిన నిర్వచనాలన్నీ ఒకచోట చేర్చి మాస్టారికి చూపించాను. ఆయన రెండు పుటలు చదివి కాగితాలు పక్కన పెట్టేశారు. "నిర్వచనాలు పోగేస్తే జాబితా అవుతుంది గాని వ్యాసం కాదమ్మా. ఈ వర్గం మొదట ఎవరిని ఎవరి నుంచి వేరు చేయడానికి పుట్టిందో చూడు. అదే పని మరో మతంలోనూ చేస్తోందా అని అడుగు" అన్నారు. వ్యాసం మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడింది.

ఈ వర్గం పుట్టిన చోటు అమెరికాలోని ప్రొటెస్టంటు క్రైస్తవ సంఘాలన్న విషయంలో వివాదం లేదు. కాలిఫోర్నియా చమురు వ్యాపారి లైమన్ స్టూవర్ట్, ఆయన సోదరుడు మిల్టన్ ఇచ్చిన డబ్బుతో 1910 నుంచి 1915 వరకు పన్నెండు సంపుటాలుగా 'ది ఫండమెంటల్స్' అనే వ్యాసమాల వెలువడింది. అందులో తొంభై వ్యాసాలున్నాయి. దాదాపు ముప్పై లక్షల ప్రతులను పాదిరులకు, మిషనరీలకు, దైవశాస్త్ర విద్యార్థులకు ఉచితంగా పంపారు. ఈ సంపుటాల గురించి ఇతరులు రాసింది చదివి వదిలేయకుండా వాటినే తెరిచి చూడడం నాకు చాలా మేలు చేసింది. పరిణామ సిద్ధాంతం మీద నిప్పులు చెరిగే రాతలు ఉంటాయనుకుని చదవడం మొదలుపెడితే, దాదాపు మూడో వంతు వ్యాసాలు బైబిలు ప్రామాణికతను సమర్థించేవే కనిపించాయి. వాటి ప్రధాన శత్రువు డార్విన్ కాదు, జర్మనీ విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన చారిత్రక గ్రంథవిమర్శ. మోషే రాశాడని నమ్మే అయిదు కాండలు వేర్వేరు కాలాల మూలాల నుంచి కూర్చినవనీ, యెషయా గ్రంథాన్ని ఒక్కరే రాయలేదనీ ఆ విమర్శ చెబుతుంది. సైన్సు గురించి ఈ సంపుటాల్లోనే రాసిన స్కాట్లండు దైవశాస్త్రజ్ఞుడు జేమ్స్ ఓర్ పరిణామ భావనను పూర్తిగా తోసిపుచ్చనేలేదు.

1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు పత్రికా సంపాదకుడు, విశ్వాసపు మూలసూత్రాల కోసం పోరాడడానికి సిద్ధపడినవారికి 'ఫండమెంటలిస్టు' అని పేరు పెట్టాడు. అది తిట్టు కాదు, తనవాళ్లకు తానే గర్వంగా పెట్టిన పేరు. రెండేళ్లకు న్యూయార్కులో ఉదారవాద పాదిరి హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ ఈ ఫండమెంటలిస్టులు గెలుస్తారా అని ప్రశ్నిస్తూ ప్రసంగించినప్పుడు తగాదా బహిరంగమైంది. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటే. ఫాస్డిక్, ఆయన ప్రత్యర్థులు ఒకే మతంలోని వారు, చాలాచోట్ల ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చునేవారు. బైబిలులో ఏ పొరపాటూ ఉండదని నమ్మేవారు ఒకవైపు, అది మనుషుల చరిత్రలో ఎదిగిన గ్రంథమని చెప్పేవారు ఒకవైపు నిలబడ్డారు. గ్రంథ నిర్దోషత్వం అనే ప్రశ్న ఆ సంఘాలను నిజంగానే రెండుగా చీల్చింది. కాబట్టి అక్కడ ఆ వర్గం పనిచేసింది.

అక్షరార్థ పఠనాన్ని మౌలికవాదానికి ప్రధాన లక్షణంగా చెప్పేవారు చాలామంది ఉన్నారు గాని, సొంత గడ్డ మీద కూడా అది అంత గట్టిగా నిలబడదని ఒక పేరాలో చూపించాను. 1925 జూలైలో టెనెసీ రాష్ట్రంలోని డేటన్‌లో, బడిలో పరిణామ సిద్ధాంతం బోధించినందుకు జాన్ స్కోప్స్ మీద విచారణ జరిగింది. ప్రాసిక్యూషన్ తరఫున ఉన్న విలియం జెన్నింగ్స్ బ్రయన్‌ను ప్రతివాది న్యాయవాది క్లారెన్స్ డారో సాక్షిగా బోనెక్కించి, సృష్టి ఆరు రోజుల్లో జరిగిందంటే ఇరవైనాలుగు గంటల రోజులేనా అని అడిగాడు. కానక్కరలేదని బ్రయన్ ఒప్పుకున్నాడు. గ్రంథం తప్పదనడం వేరు, ప్రతి పదాన్నీ అక్షరార్థంలో తీసుకోవడం వేరు. ఈ తేడాను ముందే తేల్చుకోకపోతే తర్వాతి భాగాలేవీ నిలబడవు కాబట్టి, నిర్దోషత్వాన్ని మాత్రమే కొలబద్దగా ఉంచుకుని అక్షరార్థాన్ని పక్కన పెట్టాను.

ఇక ఆ కొలబద్దతో తక్కిన మతాలను కొలవాలి. ప్రతి మతం విషయంలోనూ రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఈ లక్షణం ఆ మతస్థులను తమలో తాము విడదీస్తోందా? అందరూ మౌలికవాదులని పిలుస్తున్న ఉద్యమమే ఆ విభజనలో ఒకవైపు తేలుతోందా? ఇలా ప్రశ్నలు బిగించుకోవడం వల్ల చదవవలసినవి సగానికి సగం తగ్గాయి.

ఇస్లాం విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే సమాధానం దొరికింది. ఖుర్ఆన్ దైవవాక్కు అన్నది ముస్లింలలో ఒక పక్షం వాదన కాదు, సాధారణ విశ్వాసం. దాన్నే గీటురాయిగా పెట్టుకుంటే సూఫీ దర్గాకు వెళ్లే వ్యక్తి, ఆ దర్గాను తప్పుపట్టే వ్యక్తి ఇద్దరూ ఒకే వర్గంలోకి వస్తారు. ఈ మాట ఇంతకుముందు చాలామంది విమర్శకులు చెప్పినదే కాబట్టి దాన్ని ఒక వాక్యంతో సరిపెట్టి, ఒక నిర్దిష్టమైన ఉదాహరణ మీద ఎక్కువ సేపు ఆగాను. మౌలికవాదానికి దక్షిణాసియా నమూనాగా సాధారణంగా అబుల్ ఆలా మౌదూదీని చూపిస్తారు. ఆయన 1903లో అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో పుట్టాడు. 1930ల ఆరంభంలో హైదరాబాదు నుంచే 'తర్జుమానుల్ ఖుర్ఆన్' పత్రిక నడిపాడు. 1941లో లాహోరులో జమాతే ఇస్లామీని స్థాపించాడు. మన ప్రాంతపు చరిత్రలో ఆయనకు ఇంత చోటున్నా, మా విద్యార్థుల్లో చాలామందికి ఆయన పాకిస్తాన్ నాయకుడిగానే తెలుసు.

మౌదూదీకి ఎదురుగా దేవ్‌బంద్‌లోని దారుల్ ఉలూమ్ అనే ఇస్లామీయ విద్యాపీఠం పెద్ద హుసేన్ అహ్మద్ మదనీని నిలబెట్టాను. హిందువులూ ముస్లింలూ కలిసి ఒకే జాతిగా ఉండవచ్చని మదనీ 1938లో ఒక పుస్తకం రాశాడు. ఆ వాదనకు మౌదూదీ తీవ్రంగా అడ్డం తిరిగాడు. ఇద్దరికీ ఖుర్ఆన్ దైవవాక్కే. పాండిత్యంలోనూ, ఆచారనిష్ఠలోనూ మదనీ తీసిపోయేవాడు కాదు, సంప్రదాయ మదరసా చదువు లెక్కన చూస్తే ఆయనదే పైచేయి. వారిని విడదీసింది గ్రంథం కాదు, సార్వభౌమాధికారం ఎవరిదన్న ప్రశ్న. రాజ్యంలో శాసనాధికారం దేవుడికి మాత్రమే ఉంటుందని మౌదూదీ నిర్మించిన సిద్ధాంతం ఇరవయ్యో శతాబ్దపు రాజ్య భావన లేకుండా పుట్టేది కాదు. కాబట్టి ఆయన ఉద్యమాన్ని రాజ్యాధికార సిద్ధాంతంగా చదివితే అర్థమవుతుంది, గ్రంథ నిర్దోషత్వంగా చదివితే ఆయనకూ మదనీకీ తేడాయే కనిపించదు. ఈ భాగం రాస్తున్నప్పుడు చిత్తుప్రతి మీద మాస్టారు పెట్టిన గుర్తు ఒక్కటే: "ఇక్కడ ఆగు, ఇంకో ఉదాహరణ వద్దు."

యూదుల విషయం ఇంకా చిక్కుగా ఉంది. హరేదీలు అని పిలిచే కఠిన ఆచారవాదులను మౌలికవాదుల జాబితాలో దాదాపు ప్రతి పుస్తకమూ చేరుస్తుంది. వారు మోషే అయిదు కాండలైన తోరాను వదిలి అంగుళం కదలరు, నిజమే. అయితే దాన్ని వారు నేరుగా చదవరు, తాల్ముద్ అనే ప్రాచీన ధర్మచర్చల గ్రంథం ద్వారా, ఆ తర్వాత వచ్చిన రబ్బీలనే మతగురువుల వ్యాఖ్యానాల ద్వారా చదువుతారు. నిర్గమకాండములో కంటికి కన్ను, పంటికి పన్ను అని ఉన్న చోట తాల్ముద్ పండితులు పుటల కొద్దీ తర్కించి, దాని అర్థం గాయపరిచినవాడు డబ్బు రూపంలో నష్టపరిహారం చెల్లించడమేనని తేల్చారు. వ్యాఖ్యాన పరంపరను కాదని గ్రంథాన్నే నేరుగా ప్రమాణంగా తీసుకోవాలన్నవారు యూదుల చరిత్రలో లేకపోలేదు. వారు మధ్యయుగపు కరాయీలు, రబ్బీల దృష్టిలో దారి తప్పినవారు. అంటే గ్రంథం ఒక్కటే చాలుననే ప్రొటెస్టంటు లక్షణాన్ని యూదుల మీద ప్రయోగిస్తే, మనం వెతుకుతున్నవారు కాక వారి బద్ధవిరోధులు దొరుకుతారు.

హరేదీ ధోరణికి మూలపురుషుడిగా చెప్పే మోజెస్ సోఫర్ ఉదాహరణను నేను ఇష్టపడి వివరంగా రాశాను. 1839లో చనిపోయిన ఈ రబ్బీ, ప్రస్తుతం బ్రాటిస్లావా అని పిలిచే ప్రెస్‌బర్గులో పెద్ద విద్యాపీఠం నడిపాడు. కొత్తది తోరా ప్రకారం నిషిద్ధం అనే ఆయన నినాదం, యూదుల సంస్కరణ ఉద్యమానికి అడ్డుగోడగా ప్రసిద్ధికెక్కింది. ఆ మాటలు పూర్వం పంటల విషయంలో వాడినవి. కొత్త పంట చేతికి వచ్చాక, పనను, అంటే కోసిన కంకుల కట్టను, అర్పణ చేసే దాకా కొత్త ధాన్యం తినరాదన్నది లేవీయకాండములోని నియమం. సోఫర్ ఆ వ్యవసాయ నియమాన్ని తీసుకుని, ఆరాధనలోనూ చదువులోనూ వస్తున్న కొత్తదనానికి అన్వయించాడు. మార్పును అడ్డుకోవడానికి ఆయన చేసిన పనే ఒక కొత్త వ్యాఖ్యానం, అదీ అక్షరార్థానికి చాలా దూరమైనది. సంప్రదాయాన్ని కాపాడుతున్నామనేవారు అందులో నుంచి తమకు కావలసినదాన్ని ఏరి, దానికి మునుపు లేని బరువు ఎక్కిస్తారనడానికి ఇంతకంటే స్పష్టమైన నమూనా నాకు దొరకలేదు. ఈ లక్షణం మాత్రం మతాలను దాటి కనిపిస్తుందని అక్కడే ఒక వాక్యం రాసి ఉంచుకున్నాను.

హిందూ సందర్భానికి వచ్చేసరికి వ్యాసం పొడవు పెరిగింది, పెరగవలసిందే కూడా, ఎందుకంటే తెలుగు పాఠకులు మొదట వెతికేది అదే. దయానంద సరస్వతి 1875లో బొంబాయిలో ఆర్యసమాజాన్ని స్థాపించాడు. రెండేళ్లకు లాహోరులో తుదిరూపం తీసుకున్న పది నియమాలలో మూడోది, వేదం సకల సత్యవిద్యల పుస్తకమనీ, దాన్ని చదవడం, చదివించడం, వినడం, వినిపించడం ఆర్యుల పరమధర్మమనీ చెబుతుంది. ఈ నియమాలను చాలా ఆర్యసమాజ మందిరాలలో గోడ మీద రాసి ఉంచుతారు. నేను హైదరాబాదులో చూసిన మందిరంలో విగ్రహం ఉండవలసిన చోట హోమకుండం, దానికెదురుగా గోడ మీద ఈ పది వరుసలు ఉన్నాయి. అక్కడ పురోహితం చేసే పెద్దాయనను, వేదంలో పొరపాటు ఉండవచ్చని ఎవరైనా అంటే మీరేమంటారండీ అని అడిగాను. "వేదంలో పొరపాటు ఉండదమ్మా, చదివేవాడిలో ఉంటుంది" అన్నారాయన. ఫండమెంటల్స్ సంపుటాల రచయితలు ఈ మాట వింటే సంతోషంగా తలూపేవారు.

నిర్దోషమైన గ్రంథం, ఆ తర్వాత చేరినవన్నీ కల్తీ అనే వాదన, పురాణాల తిరస్కారం, మిషనరీలతో బహిరంగ వాదోపవాదాలు, ఇవన్నీ ఆర్యసమాజంలో ఉన్నాయి. వేదమంటే నాలుగు మంత్రసంహితలేనని, యజ్ఞవిధులను వివరించే బ్రాహ్మణ గ్రంథాలు అందులోకి రావని దయానందుడు గిరి గీశాడు. అదే వేదంలో తంతి విద్య, విమానాల సూచనలు ఉన్నాయని కూడా వ్యాఖ్యానించాడు. సంప్రదాయ వేదవ్యాఖ్యాత సాయణుడి భాష్యంలో కనిపించని అర్థాలు ఆయనకు మంత్రాల్లో కనిపించాయి. ఇక్కడ కూడా గ్రంథం తప్పదన్న విశ్వాసమూ, అక్షరార్థానికి దూరమైన పఠనమూ కలిసే నడిచాయి. మన కొలబద్ద ప్రకారం హిందూ సమాజంలో దానికి దగ్గరగా వచ్చేది ఆర్యసమాజమే. కానీ ఆ సమాజం బాలికలకు బడులు తెరిచింది, వితంతు వివాహాలు జరిపించింది, స్త్రీలకూ శూద్రులకూ వేదాధికారం ఉందన్నది. అదే సమాజం శుద్ధి పేరుతో మతాంతరీకరణలు కూడా జరిపింది. 1938-39లో నిజాం రాజ్యంలో మతస్వేచ్ఛ కోసం సత్యాగ్రహం నడిపి వేలమంది జైళ్లకు వెళ్లారు. చరిత్ర పుస్తకాలు దీన్ని సంస్కరణోద్యమమనే ఎక్కువగా పిలుస్తాయి.

హిందూ మౌలికవాదం అని పత్రికల్లో రాసినప్పుడు ఉద్దేశించేది మరొకరిని. వినాయక్ దామోదర్ సావర్కర్ 1923లో హిందుత్వాన్ని నిర్వచించినప్పుడు ఏ గ్రంథాన్నీ ప్రమాణంగా తీసుకోలేదు. సింధువు నుంచి సముద్రం దాకా ఉన్న భూమిని పితృభూమిగానూ పుణ్యభూమిగానూ భావించేవాడు హిందువు అన్నాడు. వేదాన్ని అంగీకరించని బౌద్ధులూ జైనులూ సిక్కులూ ఈ నిర్వచనంలోకి వస్తారు, వేరే చోట పుణ్యభూమి ఉన్న ముస్లింలూ క్రైస్తవులూ రారు. ఆయన వ్యక్తిగతంగా హేతువాది. ఆవు ఉపయోగకరమైన జంతువే గాని పూజించవలసింది కాదని రాశాడు. 1925లో నాగపూర్‌లో పుట్టిన రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘంలో చేరేవారిని కూడా ఏ గ్రంథాన్ని నమ్ముతావని ఎవరూ అడగరు. గ్రంథాన్ని ప్రమాణంగా పెట్టుకున్న ఉద్యమానికి ఆ పేరు తగల్లేదు, గ్రంథంతో పని లేని ఉద్యమానికి తగిలింది. నా రెండు ప్రశ్నల్లో రెండోది ఇక్కడ పూర్తిగా విఫలమైంది.

చిత్తుప్రతి చదివిన సహోద్యోగి ఒకరు దీనికి ఘాటుగా అభ్యంతరం చెప్పారు. "ఇంతకీ వాళ్లు మౌలికవాదులు కారని మీరు సర్టిఫికెట్ ఇస్తున్నారా మేడమ్?" అని అడిగారు. ఆ ప్రశ్న ప్రతి పాఠకుడికీ వస్తుందని గ్రహించి, సమాధానాన్ని వ్యాసంలోకే చేర్చాను. ఒక వర్గం సరిపోదనడం అభినందన కాదు. భూమి, వంశం, శత్రువు అనే మూడింటి మీద నిలబడిన ఉద్యమాన్ని జాతీయవాదంగా, అధిక సంఖ్యాకుల ఆధిపత్య రాజకీయంగా పరిశీలిస్తేనే దాని పని తీరు తెలుస్తుంది. మౌలికవాదమని పిలిస్తే, ఆ ఉద్యమం వైపు నుంచి తమకు మతగ్రంథమే లేదు కాబట్టి తాము సహజంగానే సహిష్ణువులమన్న జవాబు తేలిగ్గా వచ్చేస్తుంది. పౌరసత్వం ఎవరిదన్న అసలు ప్రశ్న పక్కకు పోతుంది.

ఇక మిగిలింది ఈ వర్గాన్ని సమర్థించేవారి అతిబలమైన వాదన. మార్టిన్ మార్టీ, స్కాట్ యాపిల్‌బీల సంపాదకత్వంలో అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ చేపట్టిన ఫండమెంటలిజం ప్రాజెక్టు 1991 నుంచి 1995 వరకు అయిదు బృహత్సంపుటాలు వెలువరించింది. ఒకే లక్షణం అందరిలో ఉండనక్కరలేదనీ, ఒక కుటుంబంలోని వారికి ముక్కు ఒకరితో, నుదురు మరొకరితో కలిసినట్టు పోలికలు పంచుకుంటే చాలుననీ వారి వాదం. చివరి సంపుటంలో గేబ్రియల్ ఆల్మండ్, ఇమ్మాన్యుయల్ సివాన్, యాపిల్‌బీ తొమ్మిది లక్షణాలు చెప్పారు. మతం అంచులకు నెట్టబడుతోందన్న ప్రతిఘటన, సంప్రదాయం నుంచి ఏరుకోవడం, లోకాన్ని మంచీ చెడూగా చీల్చి చూడడం, గ్రంథ నిర్దోషత్వం వంటివి భావజాలానికి చెందినవి. ఎన్నికైన బృందమన్న భావన, పదునైన సరిహద్దులు, అధికారం గల నాయకుడు, ప్రవర్తనా నియమాలు సంస్థకు చెందినవి. దక్షిణాసియా ఉద్యమాలు ఈ నమూనాలో మిగతావాటిలా ఇమడవని వారు కూడా గుర్తించి, వాటిలో జాతి, సంస్కృతి అంశాలకు పెద్ద పాత్ర ఉందని చెప్పారు.

నేను ఈ జాబితాను రెండు వైపుల నుంచి పరీక్షించాను. సంస్థకు చెందిన లక్షణాలు రహస్య విప్లవ పార్టీలకు కూడా సరిపోతాయి, కాబట్టి అవి ఒంటరిగా మతాన్ని గురించి ఏమీ చెప్పలేవు. ఇంతకంటే లోతైన ఇబ్బంది, ఏ ఉద్యమాలను పరిశీలించాలో ముందే ఎంచుకుని, వాటి నుంచి లక్షణాలు తీసి, ఆ లక్షణాలు వాటికి సరిపోయాయని చెప్పడంలో ఉంది. ఎంపిక జరిగిన క్షణంలో పత్రికల భాషే ప్రమాణమై కూర్చుంది. వ్యాసంలో ఈ రెండు పేరాలు రాయడానికి ఎక్కువ కాలం పట్టింది, ఎందుకంటే ఆ సంపుటాల్లో విడివిడి ఉద్యమాల మీద క్షేత్రపరిశోధన చేసినవారి రచనలు చాలా విలువైనవి. వాటిని కలిపి కట్టిన తాడు బలహీనమైనదని చెప్పాలి గాని రచనలను తక్కువ చేయకూడదు.

అయినా వర్గాన్ని పూర్తిగా కొట్టిపారేయలేకపోయాను. ఇమ్మాన్యుయల్ సివాన్ చూపించిన ఒక పోలిక నిలబడింది. బయటి సమాజం ఆకర్షణీయంగా ఉండి, సభ్యులు జారిపోతారన్న భయం ఉన్నచోట, బలవంతంగా పట్టి ఉంచే అధికారం లేని బృందం నైతికమైన గోడ కట్టుకుంటుందని ఆయన అన్నాడు. 1925 తర్వాత అమెరికా ఫండమెంటలిస్టులు పెద్ద సంఘాల్లో ఓడిపోయి, సొంత బైబిలు విద్యాలయాలు, ప్రచురణలు, రేడియో కార్యక్రమాలు ఏర్పరచుకున్నారు. హరేదీలు యేషివాలనే మతవిద్యాలయాలు, ప్రత్యేక వస్త్రధారణ, తమదైన పరిసరాలు కట్టుకున్నారు. ఇద్దరి గ్రంథ దృష్టికీ పొంతన లేకపోయినా, పిల్లలు చేజారకుండా చూసుకునే ఏర్పాట్లు ఆశ్చర్యంగా కలుస్తాయి. 1979లో ఫండమెంటలిస్టు పాదిరి జెర్రీ ఫాల్‌వెల్ మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టి రాజకీయాల్లోకి వచ్చినప్పుడు ఈ గోడ దాటవలసి వచ్చింది కాబట్టి, ఆ దశ నుంచి వేరే పరికరాలు కావాలి.

అందువల్ల చివరి ప్రతిలో నా నిర్ణయాన్ని ఇలా రాశాను: చారిత్రక గ్రంథవిమర్శ ఒక మత సంఘాన్ని లోపలి నుంచి చీల్చిన చోట మౌలికవాదాన్ని నిర్దిష్టమైన పేరుగా వాడవచ్చు, గోడ కట్టుకున్న చిన్న బృందాలను పోల్చడానికి పరిమితమైన పరికరంగా వాడవచ్చు, రాజ్యాధికారం కోసమో జాతి నిర్వచనం కోసమో సాగే ఉద్యమాలకు వాడకూడదు. సిక్కు, శ్రీలంక బౌద్ధ ఉద్యమాలను కూడా చేర్చమని సంపాదకులు కోరారు. ఒక్కో పేరాతో వాటికి న్యాయం జరగదని చెప్పి ఒప్పించాను. దానికి బదులు సివాన్ పోలిక మీద ఉన్న భాగాన్ని మరో పుట పెంచి ఇచ్చాను.